కిరాణా కొట్టు మలుపు దగ్గర ఆగిపోయే మాట: సెలెక్టివ్ మ్యూటిజం ఉన్న ఒక ఆరేళ్ల పాప కేసు

"ఆటో ఎక్కింది మొదలు ఒకటే వాగుడండీ. చెట్టు కనిపిస్తే చెట్టు గురించి, కుక్క కనిపిస్తే కుక్క గురించి. బడికి కాస్త ముందు ఒక కిరాణా కొట్టు మలుపుంది. ఆటో ఆ మలుపు తిరిగిందా, టక్కున ఆగిపోతుంది. సాయంత్రం మళ్లీ ఆ మలుపు దాటాక గానీ నోరు తెరవదు."

నా ఎదురుగా కూర్చుని తల్లి ఈ మాటలు చెబుతుంటే పాప ఆమె చున్నీ కొంగును వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది. ఆ పాపను ఇక్కడ బుజ్జి అంటాను. తల్లిదండ్రులు ఒప్పుకున్నాకే, గుర్తుపట్టే వివరాలన్నీ మార్చి ఇది రాస్తున్నాను. ఇంట్లో మామూలుగా మాట్లాడే పిల్లకు బడిలాంటి చోట్ల మాట పెగలకపోవడాన్నే సెలెక్టివ్ మ్యూటిజం అంటాం. పిల్లల మానసిక సమస్యలు చూసే సైకాలజిస్టుగా నా దగ్గరకు ఇలాంటి పిల్లలు ఏటా కొందరు వస్తారు. దాదాపు అందరూ ఆలస్యంగానే వస్తారు. ఎవరికీ ఇబ్బంది పెట్టకుండా మౌనంగా కూర్చునే పిల్ల గురించి ఎవరూ తొందరపడరు కదా.

బుజ్జికి ఆరేళ్లు. ఒకటో తరగతి. అదే బడిలో ఎల్‌కేజీ, యూకేజీ చదివింది. ఆ రెండేళ్లూ, ఒకటో తరగతిలో మూడు నెలలూ కలిపి బడిలో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. టీచర్లతోనే కాదు, ఆయాతో, తోటి పిల్లలతో కూడా. సెప్టెంబరులో బడి నుంచి ఒక కాగితం వచ్చింది. పాప మొండిగా ఉంటోందనీ, కావాలనే జవాబు చెప్పడం లేదనీ, ఇలాగైతే తరగతిలో కొనసాగించడం కష్టమనీ అందులో ఉంది.

కాగితం వెనకాల ఇంకో సంగతి ఉంది. తల్లి దాన్ని పాప బయట ఆడుకుంటున్నప్పుడు చెప్పింది. బాత్రూమ్‌కు వెళ్లాలంటే నోటితో అడిగి తీరాలని క్లాసులో ఒక నియమం పెట్టారట. "అవసరం పడితే అదే అడుగుతుంది" అనుకున్నారు. బుజ్జి అడగలేదు. మధ్యాహ్నం వరకు బిగబట్టి, చివరకు బెంచీ మీదే తడిపేసుకుంది. ఆ తర్వాత నుంచి పొద్దున పాలు తాగడం మానేసింది, బడికి తీసుకెళ్లిన నీళ్ల సీసా నిండుగా వెనక్కి తెచ్చేది. నాకు ఈ సంగతి ఆ కాగితం కంటే ఎక్కువ చెప్పింది. మొండి పిల్ల తనకు నష్టం వచ్చేదాకా మౌనం పట్టదు. ఈ పిల్ల ఒళ్లు తడిసిపోతున్నా మాట తేలేకపోయింది.

నా వైపు నుంచి జరిగిన తప్పు కూడా ఇక్కడే చెప్పాలి. తల్లి మాటలు వినే ధ్యాసలో, పాప లోపలికి రాగానే అలవాటు కొద్దీ "నీ పేరేంటమ్మా?" అని అడిగేశాను. ఆ పిల్ల మెడ బిగుసుకుంది, చూపు బల్ల అంచు మీద నిలిచిపోయింది, బొటనవేలు పిడికిట్లోకి వెళ్లిపోయింది. తల్లి గబుక్కున "చెప్పు నాన్నా... దాని పేరు..." అంటూ తనే చెప్పేసింది. ఆ గంటలో బుజ్జి ఇక నా వైపు చూడలేదు. రెండోసారి వచ్చినప్పుడు నేను ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. నేల మీద కూర్చుని రంగు దిమ్మెలు ఒకదాని మీద ఒకటి పేరుస్తూ, "పచ్చదాని మీద ఎర్రది పెడుతున్నా, కాస్త వంకరగా ఉంది" అని నాలో నేను అనుకున్నట్టు అంటూ పోయాను. పావుగంటకు ఆ వంకర దిమ్మెను ఆమే సరిచేసింది.

ముందు మాటల పటం గీశాం

ఎవరితో, ఎక్కడ, ఎవరు వింటుండగా, ఎంత గొంతుతో మాట్లాడుతుందో తల్లిని వారం రోజులు రాసుకురమ్మన్నాను. ఇంట్లో అమ్మ, నాన్న, అమ్మమ్మ, తమ్ముడితో గట్టిగా, ధారగా మాట్లాడుతుంది. పక్కింటి ఆంటీ వస్తే మాట అమ్మ చెవిలోకి దిగిపోతుంది. పెదనాన్న ఫోన్ చేస్తే వింటుంది, పలకదు. కొట్టులో కావలసింది చూపిస్తుంది. బడిలో శూన్యం. కానీ ఆ పటంలో ఒక చిన్న వరుస నాకు చాలా పనికొచ్చింది: ఒక ఆదివారం పేరెంట్స్ మీటింగ్‌కు ముందే వెళ్తే, ఖాళీగా ఉన్న క్లాసు గదిలో అమ్మకు తన బెంచీ చూపిస్తూ మామూలు గొంతుతో మాట్లాడిందట. అంటే ఆమె గొంతును బిగించేది ఆ భవనం కాదు. వినేవాళ్లు. మేం ఎక్కడ మొదలుపెట్టాలో ఆ ఒక్క వరుస చెప్పింది.

తల్లి ఫోన్‌లో తీసిన వీడియో కూడా చూశాను. బుజ్జి తువ్వాలును చీరలా చుట్టుకుని, తమ్ముణ్ని ఎదుట కూర్చోబెట్టి పాఠం చెబుతోంది. తన క్లాస్ టీచర్ గొంతు, చెయ్యి ఊపడం, "సైలెన్స్!" అనడం అచ్చుగుద్దినట్టు దింపేసింది. బడిలో చెప్పిన రైమ్స్ అన్నీ తప్పు లేకుండా వచ్చాయి. మాట, భాష, ఊహాశక్తి, ఎదుటివాళ్ల కళ్లలోకి చూడటం, అన్నీ వయసుకు తగ్గట్టే ఉన్నాయి. అందువల్ల ఆటిజం వైపు అనుమానం బలపడలేదు. వినికిడి పరీక్ష చేయించాం, మామూలుగానే ఉంది. స్పీచ్ థెరపిస్టు ఇంటి వీడియోలు చూసి ఉచ్చారణలో, వాక్యాల్లో లోపం లేదన్నారు. ఈ రెండూ వదలకూడదు. మాట స్పష్టంగా రాని పిల్లలు, సగం సగం వినిపించే పిల్లలు కూడా నలుగురిలో నోరు మూసుకుంటారు, వాళ్లకు చెయ్యాల్సింది వేరు.

ఇంకో ప్రశ్న బడి వాళ్లే అడిగారు: "ఇంట్లో తెలుగు కదా, ఇక్కడ ఇంగ్లిష్ రాక ఊరుకుంటోందేమో?" న్యాయమైన ప్రశ్న. కొత్త భాషలో పడిన పిల్లలు కొన్ని నెలలు వింటూ ఊరుకోవడం మామూలే. కానీ అలాంటి పిల్లలు ఆటస్థలంలో తమ భాషలో అరుస్తూ పరిగెడతారు, ఆయాను తెలుగులో నీళ్లడుగుతారు. బుజ్జి బడిలో వాళ్లెవరైనా వింటుంటే తెలుగు కూడా మాట్లాడలేదు, అదీ రెండేళ్లుగా.

సెలెక్టివ్ మ్యూటిజం అని నిర్ధారించడానికి ఉన్న షరతులు స్పష్టమైనవే. కొన్ని చోట్ల మామూలుగా మాట్లాడే పిల్ల, మాట్లాడవలసిన మరికొన్ని చోట్ల ఎప్పుడూ మాట్లాడలేకపోవాలి. అది కనీసం నెల రోజులు సాగాలి, బడిలో చేరిన మొదటి నెలను లెక్కలోకి తీసుకోకూడదు. దానివల్ల చదువో, స్నేహాలో దెబ్బతినాలి. భాష రాకపోవడమో, ఇంకో సమస్యో దానికి కారణం కాకూడదు. బుజ్జి విషయంలో ఇవన్నీ కుదిరాయి. "చిన్నప్పుడు ఏదైనా భయపడే సంఘటన జరిగిందా?" అని అమ్మమ్మ పదే పదే అడిగింది. ఈ పిల్లల్లో ఎక్కువమందికి అలాంటిదేమీ ఉండదు. పుట్టుకతోనే బెరుకు ఎక్కువ, ఇంట్లో ఇంకొకరికీ అదే తీరు ఉంటుంది. బుజ్జి నాన్న కూడా పదో తరగతి దాకా క్లాసులో లేచి జవాబు చెప్పలేదట. అన్ని చోట్లా బాగా మాట్లాడే పిల్ల ఒక్కసారిగా అందరితోనూ, ఇంట్లో కూడా మాట మానేస్తే మాత్రం అది వేరే కథ. అప్పుడు ఏం జరిగిందో వెంటనే, జాగ్రత్తగా కనుక్కోవాలి.

మొండితనానికీ దీనికీ తేడా

ఈ స్థితి పేరే ఒక పొరపాటును మోసుకొచ్చింది. 1877లో జర్మన్ వైద్యుడు ఆడోల్ఫ్ కుస్‌మాల్ దీన్ని ఇష్టపూర్వకంగా మాట మానడం అన్న అర్థం వచ్చేలా పిలిచాడు. 1934లో స్విస్ వైద్యుడు మోరిట్స్ ట్రామర్ పెట్టిన 'ఎలెక్టివ్ మ్యూటిజం' అన్న పేరులోనూ 'ఎంచుకున్న మౌనం' అన్న ధ్వనే ఉంది. 1994లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ తన వర్గీకరణలో 'ఎలెక్టివ్'ను 'సెలెక్టివ్'గా మార్చింది. మౌనం కొన్ని సందర్భాల్లోనే వస్తుందని చెప్పడానికే ఆ మార్పు. 2013లో దీన్ని ఆందోళనకు సంబంధించిన రుగ్మతల్లోకి చేర్చారు. పేరు మారి ఇన్నేళ్లయినా మన బడుల్లో దీని పేరు ఇంకా 'పొగరు' అనే ఉంది.

బడి వాళ్లకు ఇదంతా చెబితే ఒప్పుకోరు, చూపించాలి. ఒక పూట క్లాసు వెనక బెంచీలో కూర్చున్నాను. టీచర్ రంగుల పాఠం చెబుతున్నారు. "బుజ్జీ, ఇదేం రంగు?" అన్నారు. పాప లేచి నిలబడింది. చేతులు ఒంటికి అతుక్కుపోయాయి, ముఖంలో ఏ భావమూ లేదు, పెదాలు గట్టిగా మూసుకున్నాయి. కోపంగా ఉన్న పిల్ల ముఖం కాదది. టీచర్ రెండు సెకన్లు చూశారు. ఈలోపు పక్క పిల్లాడు "మేడం, అది మాట్లాడదు మేడం" అన్నాడు. టీచర్ నిట్టూర్చి వేరే పాపను అడిగారు. సరిగ్గా అప్పుడు బుజ్జి భుజాలు ఒక అంగుళం కిందికి దిగాయి, ఊపిరి వదిలింది.

క్లాసయ్యాక టీచర్‌తో మాట్లాడుతూ ఆ అంగుళం గురించే చెప్పాను. ప్రశ్న రాగానే పిల్లకు భయం కమ్ముతుంది. మాట రాదు. ఎవరో ఒకరు ఆ ప్రశ్నను తీసేస్తారు, జాలితోనో, విసుగుతోనో. వెంటనే ప్రాణం తేలికపడుతుంది. ఊరుకుంటే గండం గడుస్తుందని ఆమె ఒళ్లు నేర్చుకుంటుంది. ఇది రెండేళ్లుగా రోజుకు పదిసార్లు జరిగింది. బలవంతపెట్టేవాళ్లు భయాన్ని పెంచారు, ఆదుకునేవాళ్లు మౌనానికి అలవాటు చేశారు. ఇద్దరిలో ఎవరూ చెడ్డవాళ్లు కాదు.

తర్వాత నా కోరిక మీద ఆవిడ ఒక చిన్న పరీక్ష చేశారు. ఎనిమిది రంగు కార్డులు బుజ్జి ముందు పరిచి, "ఎర్ర కార్డు తీసుకెళ్లి బోర్డు దగ్గర పెట్టు తల్లీ" అన్నారు. పాప వెంటనే లేచి పెట్టింది. ఎనిమిదీ సరిగ్గా పెట్టింది, చివరి రెండూ దాదాపు పరిగెడుతూ పెట్టింది. టీచర్ నా వైపు తిరిగి, "అంటే దీనికన్నీ వచ్చా?" అన్నారు.

నేను టీచర్లందరికీ చెప్పే పరీక్ష ఇదే. గొంతు అవసరం లేకుండా అదే పని అడిగి చూడండి. మొండికేసిన పిల్లవాడు చేత్తో కూడా చెయ్యడు, ఎందుకంటే అతను కాదంటున్నది పనిని, లేదా మీ మాటను. మాట పెగలని పిల్ల గొంతు అడ్డు తీసేయగానే ఉత్సాహంగా చేస్తుంది. అదే నెలలో ఒక ఏడేళ్ల బాబును 'మొండి' అని తీసుకొచ్చారు. అతను "చెయ్యను, ఏం చేస్తావు?" అంటాడు, వాదిస్తాడు, బాగా తెలిసినవాళ్ల దగ్గరే ఎక్కువ ఎదురుతిరుగుతాడు, కావలసింది ఉంటే తియ్యగా అడుగుతాడు. అతని ఆయుధమే మాట. బుజ్జి పుట్టినరోజున టీచర్ చాక్లెట్ల డబ్బా పట్టుకుని "ఒక్కసారి థాంక్యూ చెప్పు, రెండు ఇస్తా" అన్నా మాట రాలేదు. ఎదురుతిరిగే పిల్లవాడి మౌనం లాభనష్టాలను బట్టి మారుతుంది. ఈ మౌనం మారదు.

ఇక్కడ ఒక చిక్కుంది. ఇంటికి రాగానే బుజ్జి బూట్లు విసిరేసేది, అన్నం దగ్గర పేచీ పెట్టేది, అమ్మమ్మ మీద అరిచేది. "ఇంట్లో పులి, వీధిలో పిల్లి" అని అమ్మమ్మ విసుక్కునేది. "ఇది మొండితనం కాక ఇంకేమిటి?" అని నాన్న అడిగారు. రోజంతా బిగబట్టుకున్న ఒళ్లు ఇంటి గుమ్మంలో సడలుతుంది. బడి తర్వాత అరగంట ఎవరూ "ఇవాళ మాట్లాడావా?" అని అడగవద్దనీ, తిండి పెట్టి వదిలేయమనీ చెప్పాను. పేచీలు పూర్తిగా పోలేదు గానీ బాగా తగ్గాయి. అరుదుగా కొందరిలో ఆందోళనా, ఎదురుతిరిగే స్వభావమూ రెండూ ఉంటాయి. బుజ్జిలో రెండోది లేదు.

అష్టాచెమ్మా గదిలో

దసరా సెలవుల తర్వాత మొదలుపెట్టాం. బడి మొదలవడానికి అరగంట ముందు, వారానికి మూడు రోజులు, పావుగంట చొప్పున, స్టోర్ పక్కనున్న చిన్న గదిలో. తల్లి వస్తుంది. క్లాస్ టీచర్ ఒప్పుకున్నారు. దానికి ముందు చేయాల్సిన పని ఒకటుంది, పాపతో దాపరికం లేకుండా చెప్పడం. టీచర్ ఆమె పక్కన కూర్చుని ఇలా అన్నారు: "బుజ్జీ, బడిలో నీ గొంతులో మాట ఇరుక్కుపోతుందని నాకు తెలుసు. నువ్వు కావాలని చెయ్యడం లేదు. నిన్నెవరూ మాట్లాడమని బలవంతం పెట్టరు. అమ్మా నువ్వూ ఇక్కడ ఆడుకోండి. నేను కొంచెం కొంచెంగా దగ్గరకు వస్తా. నీకు ఇబ్బందైతే చెయ్యెత్తు, వెనక్కి వెళ్లిపోతా." పాప తల్లి వైపు చూసింది, అంతే. కానీ ఆ సాయంత్రం ఆటోలో "మేడంకు తెలుసంట" అందట.

బాత్రూమ్ సంగతి అదే రోజు తేల్చాం. బెంచీ మీద ఒక పచ్చ కార్డు, అది తిప్పి పెడితే వెళ్లొచ్చు. మాట అనే లక్ష్యానికీ ఒంటికి కావలసిన అవసరానికీ ముడి పెట్టకూడదు.

ఆటగా అష్టాచెమ్మా ఎంచుకున్నాను. ఇంట్లో అమ్మమ్మతో రోజూ ఆడేది. ఇందులో నోరు దానంతటదే కదులుతుంది. గవ్వలు నాలుగూ వెల్లకిలా పడితే 'చెమ్మా', నాలుగూ బోర్లా పడితే 'అష్టా', పావు జరుపుతూ గళ్లు పైకి లెక్కపెట్టాలి. అంకెలు, వారాల పేర్లు లాంటి కంఠతా వచ్చిన మాటలు ముందు వస్తాయి. సొంతంగా చెప్పవలసిన మాటలు ఆ తర్వాతే. "నీకేం ఇష్టం?" అనే ప్రశ్న పెద్దవాళ్లకు తేలిగ్గా అనిపిస్తుంది గానీ ఈ పిల్లలకు అది అన్నిటికంటే బరువు.

మొదటి రెండు రోజులు గదిలో తల్లీ కూతురే, తలుపు మూసి. గొంతు మామూలుగా ఉంది. మూడో రోజు టీచర్ తలుపు బయట వరండాలో కుర్చీ వేసుకుని నోటు పుస్తకాలు దిద్దారు, తలుపు జానెడు తెరిచి ఉంది. బుజ్జి గొంతు గుసగుసగా మారింది. ఇలా జరిగినప్పుడు ఏం చెయ్యాలో ముందే అనుకున్నాం. తల్లి గుసగుసకు వంగి చెవి ఒగ్గకూడదు. టీచర్ కుర్చీని నాలుగు గచ్చు పలకలు వెనక్కి జరపాలి. గుసగుస ఒకసారి అలవాటైతే దాన్ని మాన్పడం మళ్లీ ఒక పని అవుతుంది. అందుకే చెవిలో చెప్పించుకోవడం కంటే వినేవాళ్లను దూరం పెట్టి మామూలు గొంతు నిలబెట్టడం మేలు. పలకలు లెక్కపెట్టడం టీచర్ ఆలోచనే. ఆ వరండా గచ్చు పలకలు మాకు కొలబద్ద అయ్యాయి. రోజుకు ఒకటో రెండో పలకలు ముందుకు. గొంతు తగ్గితే ఒకటి వెనక్కి. ఏ రోజైనా మారేది ఒక్కటే: మనిషి గానీ, దూరం గానీ, చోటు గానీ, ఆట గానీ. రెండు ఒకేసారి మార్చకూడదు.

రెండో వారం చివరికి టీచర్ గది లోపల, వీపు ఇటు తిప్పి, బీరువా సర్దుతున్నారు. మూడో వారంలో ఆట గళ్ల పక్కన చాప మీద కూర్చున్నారు. ఆటలో కలిశారు గానీ ఏమీ అడగలేదు. ఆడుతున్నది చెప్పడమే: "అమ్మ పావు ఇంటికొచ్చేసింది. బుజ్జి రెండు గవ్వలు చేతిలోనే దాచింది." పాప ఏదైనా అంటే ఆ మాటనే తిరిగి అనడం. ఆ గురువారం టీచర్ గవ్వలు వేశారు. మూడు వెల్లకిలా పడ్డాయి. ఆవిడ నోట్‌బుక్ వైపు చూస్తూ పావును నాలుగు గళ్లు జరిపారు.

"మూడే."

తల్లి ఊపిరి బిగబట్టింది. టీచర్ గొంతు మారనివ్వకుండా "అవును, మూడే. ఒకటి వెనక్కి" అని పావు జరిపి, గవ్వలు బుజ్జి చేతిలో పెట్టారు. రెండేళ్లకు పైగా గడిచాక ఆ బడిలో ఒక పెద్దమనిషితో పలికిన మొదటి మాట అది. టీచర్ నాకు ఫోన్ చేసినప్పుడు ఏడుస్తున్నారు. కానీ పాప ముందు ఆవిడ పావు జరపడమే చేశారు. అందుకే మాట నిలబడింది.

ఆ తర్వాతే ప్రశ్నలు, అవీ ఒక వరుసలో. అవును, కాదు అనిపించే ప్రశ్నలు వాడలేదు, వాటికి తల ఊపితే సరిపోతుంది. "ఎర్ర పావా, పచ్చ పావా?" లాంటివి వేశారు. అడిగాక అయిదు సెకన్లు ఆగాలి. పెద్దవాళ్లకు అయిదు సెకన్ల నిశ్శబ్దం భరించడం చాలా కష్టం. టీచర్ బల్ల కింద వేళ్లు మడుస్తూ లెక్కపెట్టుకునేవారు. మాట రాకపోతే అదే ప్రశ్న ఇంకోసారి. అప్పటికీ రాకపోతే ప్రశ్నను రద్దు చెయ్యకుండా తేలిక చెయ్యాలి, "ఎ... అంటే ఎర్రది, ప... అంటే పచ్చది" అన్నట్టు మొదటి శబ్దం చాలనాలి. జవాబు వచ్చాక మెచ్చుకోలు చిన్నగా, ఆ పని పేరుతో: "ఎర్రది అని చెప్పావు, నాకు తెలిసింది." నాలుగో వారంలో తల్లి ఆట మధ్యలో నీళ్లకని లేచి గుమ్మం దాకా, తర్వాత వరండా దాకా, తర్వాత గేటు దాకా వెళ్లడం మొదలుపెట్టింది. నవంబరు మొదటి వారానికి గదిలో టీచర్, బుజ్జి, గవ్వలు.

గదిలోంచి క్లాసులోకి

ఇక్కడే దెబ్బ తిన్నాం. నవంబరు మధ్యలో హాజరు పిలుస్తుంటే బుజ్జి పెదాలు కదిలి, సన్నగా "ప్రెజెంట్" వచ్చింది. టీచర్ సెలవులో ఉన్నారు, ఆ రోజు వేరే ఆవిడ ఉన్నారు. ఆవిడ సంతోషంతో "బుజ్జి మాట్లాడింది! అందరూ చప్పట్లు!" అన్నారు. నలభై జతల కళ్లు ఒక్కసారి తిరిగాయి. మర్నాటి నుంచి హాజరుకు చెయ్యి కూడా ఎత్తలేదు. చిన్న గదిలో కూడా గొంతు సగమైంది. రెండు వారాలు వెనక్కి నడిచాం, తల్లిని మళ్లీ పిలిచాం. ఆ టీచర్‌ది ప్రేమే. తప్పు మాది, క్లాస్ టీచర్ ఒక్కరికే శిక్షణ ఇచ్చి మిగతావాళ్లను వదిలేశాం. ఆ తర్వాత బడిలో పాపను చూసే ప్రతివాళ్లకూ, ఆయాకూ, వ్యాయామం మాస్టారికీ అరపేజీ కాగితం ఇచ్చాం. అందులో మూడే సంగతులు: మాట్లాడమని అడగకండి, మాట్లాడితే ఆశ్చర్యపోకండి, ఆమె తరఫున జవాబు చెప్పకండి, చెప్పనివ్వకండి. "అది మాట్లాడదు" అన్న పిల్లలకు టీచర్ ఒకే జవాబు ఇవ్వడం అలవాటు చేసుకున్నారు: "మాట్లాడుతుంది, తనకు కుదిరినప్పుడు." ఈ ఒక్క వాక్యం వినివిని క్లాసు మారింది. మాట్లాడని పిల్ల అన్న ముద్ర పడ్డాక, మాట్లాడటమే ఆమెకు పెద్ద వార్త అయిపోతుంది. ఆ వార్తకు భయపడే కొందరు పిల్లలు బడి మారాక గానీ నోరు విప్పరు.

తర్వాత మెట్టు తోటి పిల్లలు. బుజ్జి ఎవరి పక్కకు జరిగి కూర్చుంటుందో టీచర్ గమనించి ఒక పాపను ఎంచారు. ఆ పాప రెండు ఆదివారాలు బుజ్జి ఇంటికి వచ్చి ఆడుకుంది. మొదటి ఆదివారం గంటంబావు మౌనం, తర్వాత పెరట్లో ఉయ్యాల దగ్గర గోల. మాట ఇంట్లో మొదలయ్యాక ఆ స్నేహితురాల్ని బడిలోని చిన్న గదికి, ఆటలోకి తెచ్చాం. తర్వాత ఇంకొకరిని. అక్కడి నుంచి అదే ముగ్గురూ క్లాసులో ఒక మూల బెంచీకి. హాజరు కూడా అలాగే: ముందు చెయ్యెత్తడం, తర్వాత స్నేహితురాలితో కలిసి ఒకే గొంతుగా, తర్వాత ఒంటరిగా. ఎక్కాలు అందరూ కలిసి చెప్పేటప్పుడు బుజ్జి గొంతు కలిసిందో లేదో ఎవరూ వంగి వినలేదు.

చదవడం పరీక్షించడానికి ఇంట్లో తల్లి ఫోన్‌లో రికార్డు చేసిన పాఠం వాడాం. బుజ్జి అనుమతి అడిగి, మొదట టీచర్ ఒక్కరే విన్నారు. ఇది మార్కులకే కాదు, తన గొంతు బడిలో వినిపించినా ఏమీ కాలేదని పాపకు తెలియడానికి కూడా. కానీ రికార్డింగ్, కార్డులు, తల ఊపడం ఇవన్నీ మెట్లు. వాటి మీదే ఏళ్ల తరబడి నిలబెట్టేస్తే మళ్లీ మౌనానికే చక్కగా ఏర్పాటు చేసినట్టవుతుంది. పచ్చ కార్డును జనవరిలో "మేడం" అన్న ఒక్క పిలుపుతో కలిపాం, మార్చిలో కార్డు తీసేశాం. మాట వచ్చినా రాకపోయినా బాత్రూమ్‌కు మాత్రం వెళ్లొచ్చు, ఆ హామీ తీసెయ్యలేదు.

సంక్రాంతి సెలవుల తర్వాత నాలుగు రోజులు మళ్లీ నోరు మూసుకుంది. ఇది వస్తుందని ముందే అనుకున్నాం కాబట్టి ఎవరూ కంగారుపడలేదు. సెలవుల ఆఖరి రెండు రోజులు ఖాళీ బడికి వచ్చి ఆడుకుంటే తగ్గుతుందని తర్వాత తెలిసింది, వేసవికి అదే చేశాం.

ఎక్కడికి వచ్చింది, ఎక్కడ ఆగింది

ఏప్రిల్ చివరికి బుజ్జి క్లాస్ టీచర్‌తో చిన్న వాక్యాల్లో మాట్లాడుతోంది, అయిదారుగురు పిల్లలతో మామూలుగా, క్లాసులో అడిగితే ఒకటి రెండు మాటల్లో. నిలబడి గట్టిగా చదవలేదు. ప్రిన్సిపాల్ గారు ఎదురైతే ఇప్పటికీ బొమ్మ అయిపోతుంది. వార్షికోత్సవంలో నృత్యం చేసింది, మైకు ముందుకు పంపమని ఎవరూ అడగలేదు. తను మొదలుపెట్టి ఏదైనా అడగడం అన్నిటికంటే ఆలస్యంగా వస్తుంది, అది ఇంకా అరుదే.

ఆరేళ్లకే దొరికింది కాబట్టి ఆటతో ఇంత జరిగింది. పదేళ్లు దాటిన పిల్లలతో ఇంత త్వరగా కదలదు, వాళ్లతో భయం గురించి నేరుగా మాట్లాడుతూ వాళ్లే మెట్లు ఎంచుకునేలా పని చెయ్యాలి. ఇలా క్రమంగా చేసినా కొన్ని నెలలకు ఏ కదలికా లేకపోతే, లేదా తిండి, నిద్ర కూడా దెబ్బతింటుంటే పిల్లల సైకియాట్రిస్టును కలవాలి. ఆందోళన తగ్గించే ఫ్లూఒక్సెటిన్ లాంటి మందులు కొందరికి వాళ్లు ఇస్తారు, ఈ మెట్ల పని దానితో పాటే సాగాలి. బుజ్జికి ఆ అవసరం రాలేదు.

రెండో తరగతి టీచర్ వేరే ఆవిడ. జూన్ దాకా ఆగితే మళ్లీ మొదటికొస్తుందని ఏప్రిల్ ఆఖరి వారంలోనే ఆవిడను చిన్న గదికి తెచ్చాం. పాత టీచర్, బుజ్జి ఆడుతుంటే కొత్త టీచర్ వరండాలో కుర్చీ వేసుకున్నారు. గచ్చు పలకలు ఎక్కడి నుంచి లెక్కపెట్టాలో పాత టీచర్ వేలితో చూపించారు. ఈసారి గుమ్మం దాటడానికి మూడు రోజులు పట్టింది. నాలుగో రోజు కొత్త టీచర్ చాప మీద కూర్చుని గవ్వలు తప్పుగా పట్టుకుంటే, బుజ్జి ఆవిడ అరచేతిని తన చేత్తో విప్పి, గవ్వలు సర్ది, "ఇలా" అంది.